నాణెం ఎక్కడ పుట్టింది, ఎక్కడ పోయింది? రూన్‌స్కేప్ మార్కెట్‌పై ఒక కేస్ స్టడీ

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేముల్లో ధరలు పెరిగిన ప్రతిసారీ ఆటగాళ్ల కోపం రెండు వర్గాల మీదికి మళ్లుతుంది. ఒకటి, తక్కువకు కొని ఎక్కువకు అమ్మే ఫ్లిప్పర్లు. రెండు, అసలు డబ్బు తీసుకుని గేమ్ గోల్డ్ అమ్మేవాళ్లు. ఈ ఆరోపణల్లో నిజమెంతో తేల్చుకోవడానికి రూన్‌స్కేప్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. ఆ గేమ్‌ను నడిపే జాగెక్స్ సంస్థ 2007 నుంచి 2025 వరకు ఒకే సమస్యను నాలుగు రకాలుగా ఎదుర్కొంది. మొదట ఆటగాళ్ల మధ్య వ్యాపారాన్నే కట్టడి చేసింది. తర్వాత ఆ కట్టడిని ఎత్తేసింది. ఆపైన గోల్డ్ కొనుక్కునే దారిని తానే అధికారికంగా తెరిచింది. చివరికి అమ్మకాలపై పన్ను వేసింది. ఏ చర్య ఏ సమస్యను ఎంతవరకు తాకిందో విడివిడిగా చూడగలగడమే ఈ కేసులోని విలువ.

నేను ఏళ్ల తరబడి ఈ గేమ్ మార్కెట్‌లో ఫ్లిప్పింగ్ చేస్తున్నవాణ్ణి. కాబట్టి ఫ్లిప్పర్ల పట్ల నాకు పక్షపాతం ఉంటుందని పాఠకులు అనుకోవచ్చు. అందుకే అభిప్రాయాల మీద కాకుండా లెక్కల మీద ఆధారపడతాను. ప్రతి సందర్భంలోనూ అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ నాణెం కొత్తగా పుట్టిందా, శాశ్వతంగా పోయిందా, లేక చేతులు మాత్రమే మారిందా?

నాణేలు పుట్టే చోటు

రూన్‌స్కేప్‌లో డబ్బు నాణేల రూపంలో ఉంటుంది. రాక్షసులను చంపితే కొన్ని నాణేలు నేరుగా రాలుతాయి. వాటికన్నా ముఖ్యమైన మార్గం హై ఆల్కెమీ అనే మంత్రం. మ్యాజిక్‌లో 55వ స్థాయికి చేరిన ఆటగాడు ఈ మంత్రంతో ఒక వస్తువును నాశనం చేసి, గేమ్ ఆ వస్తువుకు నిర్ణయించిన విలువలో 60 శాతాన్ని నాణేలుగా పొందుతాడు. రూన్ ప్లేట్‌బాడీ అనే కవచాన్నే తీసుకోండి. దాని నిర్ణీత విలువ 65,000. ఆల్కెమీ చేస్తే 39,000 నాణేలు వస్తాయి. ఇవి మరో ఆటగాడి జేబులోంచి రావు. ఆ క్షణం వరకు ఈ ప్రపంచంలో లేని నాణేలు అవి.

ఇప్పుడు గ్రీన్ డ్రాగన్‌ను చూద్దాం. దాన్ని చంపితే ఎముకలు, చర్మం దొరుకుతాయి. కొద్దిపాటి నాణేలూ పడతాయి గానీ రాబడిలో అధిక భాగం ఎముకలు, చర్మాలదే. ఎముకలను ప్రేయర్ నైపుణ్యం పెంచుకోవాలనుకునే ఆటగాడు కొంటాడు, వాడేస్తాడు, అవి మాయమవుతాయి. కొన్నవాడి నాణేలు అమ్మినవాడికి చేరతాయి. గేమ్‌లో ఉన్న మొత్తం నాణేల సంఖ్యలో మార్పు ఉండదు.

ఈ తేడాను పట్టుకుంటే సగం గందరగోళం తొలగిపోతుంది. ఇద్దరు ఆటగాళ్లు గంటకు సమానంగా సంపాదిస్తున్నా, ఆల్కెమీకి పనికొచ్చే కవచాలు సేకరించేవాడు ద్రవ్యోల్బణాన్ని పెంచుతున్నాడు. డ్రాగన్ ఎముకలు అమ్మేవాడు ఎముకల ధరను తగ్గిస్తున్నాడు. ఇద్దరి జేబులోనూ చేరిన మొత్తం ఒకటే అయినా మార్కెట్‌పై వాళ్ల ప్రభావాలు ఒకదానికొకటి వ్యతిరేకం.

ఆల్కెమీకి ఇంకో గుణం ఉంది. అది వస్తువు ధరకు అడుగుభాగాన నేల పరుస్తుంది. రూన్ ప్లేట్‌బాడీ ధర 39,000 నుంచి మంత్రానికి కావలసిన నేచర్ రూన్, ఫైర్ రూన్‌ల ఖర్చును తీసేస్తే వచ్చే మొత్తానికి కిందికి ఎక్కువ కాలం పడిపోదు. పడిపోతే ఎవరో ఒకరు కొని కరిగించేస్తారు. అంటే ఒక వస్తువు సరఫరా అతిగా పెరిగి దాని ధర ఆ నేలను తాకిందంటే, అక్కడి నుంచి అది వస్తువుగా కాక నాణేలుగా మారుతుంది. వస్తువుల అతి సరఫరా నాణేల అతి సరఫరాగా రూపం మార్చుకునేది ఇక్కడే. 2021లో వచ్చిన మార్పులను అర్థం చేసుకోవడానికి ఈ విషయం గుర్తుండాలి.

2007: వ్యాపారాన్నే బిగించిన ప్రయత్నం

గోల్డ్ అమ్మకందారుల పని తీరు స్థూలంగా ఇలా ఉంటుంది. చాలా ఖాతాలు, కొన్ని మనుషులు నడిపేవి, కొన్ని బాట్ ప్రోగ్రాములు నడిపేవి, వస్తువులను సేకరిస్తాయి. ఆ రాబడి మధ్యవర్తి ఖాతాల్లోకి చేరుతుంది. వీటిని మ్యూల్ ఖాతాలంటారు. బయట అసలు డబ్బు చెల్లించిన కొనుగోలుదారుకు మ్యూల్ ఖాతా గేమ్‌లో ఎదురుపడి నాణేలు అందజేస్తుంది. ఆ చివరి మెట్టులో ఒక ఆటగాడు పెద్ద మొత్తం ఇస్తాడు, తిరిగి ఏమీ తీసుకోడు. జాగెక్స్ దెబ్బ వేసింది సరిగ్గా ఆ ఏకపక్ష లావాదేవీ మీదే.

2007 నవంబరులో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే కేంద్ర మార్కెట్ తెరుచుకుంది. డిసెంబరులో, ఒక ఆటగాడు మరొకరిని చంపి సొత్తు దోచుకోగల వైల్డర్నెస్ ప్రాంతంలో ఆ వీలు తీసేశారు, ఎందుకంటే కావాలని చచ్చిపోయి సొత్తు వదిలేయడం కూడా గోల్డ్ అందజేసే మార్గమే. 2008 జనవరి మొదట్లో ఆటగాళ్లు నేరుగా చేసుకునే వ్యాపారంపై పరిమితి వచ్చింది. రెండు వైపుల విలువల మధ్య తేడా 15 నిమిషాలకు 3,000 నాణేలు మించకూడదన్నది మొదటి నియమం. గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌లో కూడా గైడ్ ధరకు, అంటే గేమ్ చూపించే అధికారిక ధరకు, 5 శాతం పైకి, 5 శాతం కిందికి లోపలే అమ్మాలి, కొనాలి.

గోల్డ్ అమ్మకందారుల దారి నిజంగానే మూసుకుపోయింది. అది ఒప్పుకోవలసిందే. కానీ జరిగిన నష్టాన్ని మార్కెట్ కోణం నుంచి చూస్తే అది చాలా లోతైనది. ధర స్వేచ్ఛగా కదలలేకపోతే అది సమాచారం ఇవ్వడం మానేస్తుంది. అరుదైన వస్తువుల అసలు విలువ గైడ్ ధరను దాటి ఎక్కడికో వెళ్లిపోయింది. గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌లో వాటిని కొనేందుకు ఆర్డర్లు కుప్పలుగా పడి ఉండేవి, అమ్మేవాడు ఉండేవాడు కాదు. దాంతో ఆటగాళ్లు వేరే దారి వెతికారు. గైడ్ ధర ఉన్నా ఎవరికీ అక్కరలేని చెత్త సరుకును లెక్కలోకి తెచ్చి, దాని సాయంతో అసలు ధరకు, అధికారిక ధరకు మధ్య తేడాను పూడ్చేవారు. కాగితం మీద వ్యాపారం సమానంగా కనిపించేది.

ఇదే కాలంలో మర్చెంటింగ్ క్లాన్‌లు పుట్టుకొచ్చాయి. గైడ్ ధర రోజుకు ఒక పరిమితి మేరకే కదులుతుందని అందరికీ తెలుసు. క్లాన్ నాయకులు ముందే ఒక వస్తువును నిశ్శబ్దంగా కొనిపెట్టుకునేవారు. తర్వాత వందలాది సభ్యులకు ఆ వస్తువు పేరు చెప్పి కొనమనేవారు. కొనుగోళ్ల ఒత్తిడికి గైడ్ ధర రోజురోజుకూ మెట్లెక్కేది. పైమెట్టు మీద నాయకులు తమ సరుకును తమ సభ్యులకే అమ్మి తప్పుకునేవారు. ధరకు కట్టిన కంచె ఈ మోసానికి అడ్డు కాలేదు సరికదా, రేపటి ధర ఎటు పోతుందో ముందే చెప్పేసి దానికి సాయపడింది.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, ఆ మూడేళ్లలోనూ ఆల్కెమీ ఆగలేదు. నాణేలు పుట్టే వేగాన్ని వ్యాపార పరిమితి నేరుగా తాకలేదు. గోల్డ్ అమ్మకం అనేది పంపిణీకి సంబంధించిన సమస్య, ద్రవ్యోల్బణం నాణేల పుట్టుకకు సంబంధించిన సమస్య. మొదటిదానికి వేసిన తాళం రెండోదానికి పట్టదు.

ఆ తర్వాత జాగెక్స్ ఆటగాళ్ల అభిప్రాయం అడిగింది. పన్నెండు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, వాటిలో 91 శాతం స్వేచ్ఛా వ్యాపారం కావాలన్నాయి. 2011 ఫిబ్రవరి 1న పరిమితులు పోయాయి, వైల్డర్నెస్‌లో ఆటగాళ్ల మధ్య పోరు తిరిగి వచ్చింది. ఊహించినట్టే బాట్‌లు కూడా పెద్ద ఎత్తున తిరిగి వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో వాటిపై కంపెనీ భారీ దాడి చేయవలసి వచ్చింది.

ఫ్లిప్పింగ్ అసలు ఏం చేస్తుంది

2013 ఫిబ్రవరిలో, 2007 నాటి గేమ్ ప్రతిని ఆధారం చేసుకుని ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ వేరే గేమ్‌గా మొదలైంది. ఆ ప్రతి గ్రాండ్ ఎక్స్ఛేంజ్ రాకముందుది. కాబట్టి మొదటి రెండేళ్లు ఆటగాళ్లు వారాక్ నగరంలోని బ్యాంకు దగ్గర నిలబడి తమ సరుకు పేరు, ధర టైప్ చేస్తూ అమ్ముకునేవారు. ఒకే వస్తువును ఒకే నిమిషంలో ఇద్దరు చాలా తేడా ఉన్న ధరలకు అమ్మడం అప్పుడు మామూలే. 2015లో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ తిరిగి వచ్చింది, ఈసారి 5 శాతం కంచె లేకుండా. ఫ్లిప్పింగ్‌ను అర్థం చేసుకోవడానికి ఇదే సరైన చోటు.

గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌లో కొనే ఆర్డరు, అమ్మే ఆర్డరు కలిసినప్పుడు ముందుగా పెట్టిన ఆర్డరు ధరకే బేరం తెగుతుంది. ఎవరో ఒక వస్తువును పది లక్షలకు అమ్మకానికి పెట్టి ఉంచారనుకుందాం. నేను పదిన్నర లక్షలకు కొంటానంటే నాకు అది పది లక్షలకే దొరుకుతుంది, మిగిలినది వెనక్కి వస్తుంది. అందువల్ల ఒకే ఒక్క వస్తువును కావాలని ఎక్కువ ధరకు కొంటే ప్రస్తుతం అమ్మేవాళ్లలో అతి తక్కువ ధర ఎంతో తెలుస్తుంది. దాన్నే కావాలని తక్కువ ధరకు అమ్మితే కొనేవాళ్లలో అతి ఎక్కువ ధర తెలుస్తుంది. ఈ రెంటి మధ్య దూరమే మార్జిన్. ఇప్పుడు కింది ధరకు కొనే ఆర్డరు పెట్టి, వచ్చిన సరుకును పై ధరకు అమ్మకానికి పెట్టడమే ఫ్లిప్.

చెల్లింపు సభ్యత్వం ఉన్న ఆటగాడికి ఎనిమిది ఆర్డర్లు పెట్టే వీలుంటుంది. ప్రతి వస్తువుకూ నాలుగు గంటలకు ఇంతే కొనాలన్న పరిమితి ఉంటుంది. ఈ పరిమితే ఫ్లిప్పర్ల అసలు హద్దు. కోట్లు ఉన్నా ఒకే సరుకును ఊడ్చేయలేము.

ఫ్లిప్పర్ సంపాదించిన ప్రతి నాణెమూ ఎవరో ఒక ఆటగాడి దగ్గరనుంచి వచ్చినదే. తొందరగా అమ్ముకోవాలనుకున్నవాడు కొంత వదులుకున్నాడు, తొందరగా కొనుక్కోవాలనుకున్నవాడు కొంత ఎక్కువ ఇచ్చాడు. ఎదురుచూసే ఓపిక నాది, ఆ ఓపికకు ధర మార్జిన్. మార్జిన్ ఎక్కువగా ఉంటే ఇంకో ఫ్లిప్పర్ వచ్చి నాకన్నా ఒక నాణెం ఎక్కువకు కొనే ఆర్డరు పెడతాడు, ఇంకొకడు ఒక నాణెం తక్కువకు అమ్మకానికి పెడతాడు. అలా రెండు ధరలూ దగ్గరవుతాయి. బ్యాంకు ముందు అరుచుకునే రోజుల్లో ఉన్న దూరంతో పోలిస్తే తేడా తెలుస్తుంది. కొత్త నాణేలు ఇందులో ఎక్కడా పుట్టవు. ఫ్లిప్పర్ల వల్ల ద్రవ్యోల్బణం వస్తుందన్న మాట లెక్కకు నిలవదు.

అయితే ఒకే వస్తువును మూకుమ్మడిగా కొని ధర ఎక్కించడం వేరే పని. అది ఫ్లిప్పింగ్ కాదు, దాన్ని ఆ పేరుతో సమర్థించడం నాకు ఇష్టం లేదు. నాలుగు గంటల పరిమితి వల్ల అది ఒక్క ఖాతాతో సాధ్యం కాదు. చాలా ఖాతాలైనా కావాలి, లేదా నమ్మి వెంట వచ్చే జనమైనా కావాలి. గుర్తుపట్టడం కష్టం కాదు. ఆ వస్తువు అమ్మకాల పరిమాణం ముందు ఎగసి, ధర తర్వాత ఎగుస్తుంది. అదే అవసరానికి వాడే పక్క వస్తువుల ధరలు కదలవు. దిగేటప్పుడు కొనేవాళ్లు మాయమై మార్జిన్ ఒక్కసారిగా వెడల్పవుతుంది. అలాంటి మార్జిన్ చూసి సంబరపడి దిగిన కొత్త ఫ్లిప్పర్లే చివరికి సరుకుతో మిగిలిపోతారు.

బాండ్: అధికారిక దారి

2013లో రూన్‌స్కేప్‌లో, 2015లో ఓల్డ్ స్కూల్‌లో బాండ్‌లు వచ్చాయి. ఒక ఆటగాడు అసలు డబ్బుతో బాండ్ కొని గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌లో నాణేలకు అమ్ముకోవచ్చు. కొన్నవాడు దాన్ని సభ్యత్వంగా మార్చుకోవచ్చు. ఓల్డ్ స్కూల్‌లో ఒక బాండ్‌కు 14 రోజుల సభ్యత్వం వస్తుంది.

బాండ్ గేమ్‌లోకి నాణేలను కుమ్మరిస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బాండ్ అమ్మినవాడికి వచ్చిన నాణేలు దాన్ని కొన్న ఆటగాడివి. పైగా ఒకసారి మార్కెట్‌లో కొన్న బాండ్‌ను మళ్లీ అమ్మాలంటే దాని ధరలో 10 శాతం నాణేల రూపంలో గేమ్‌కు కట్టాలి, ఆ నాణేలు మాయమవుతాయి. ఈ రుసుము వల్ల బాండ్‌ను ఫ్లిప్ చేయడం గిట్టుబాటు కాదు. రూపకర్తలు దాన్ని కావాలనే అలా పెట్టారన్నది నా అంచనా. సభ్యత్వం సట్టా సరుకు కాకూడదు.

గోల్డ్ అమ్మకందారుల మీద బాండ్ ప్రభావం మరోలా ఉంటుంది. బాండ్ అసలు ధరను దానికి వచ్చే నాణేలతో భాగిస్తే గోల్డ్‌కు అధికారిక రేటు వచ్చేస్తుంది. అమ్మకందారు ఇక ఆ రేటుకన్నా తక్కువకే అమ్మగలడు. ఎందుకంటే అతని దగ్గర కొంటే ఖాతా నిషేధానికి గురయ్యే ప్రమాదం ఉంది, పాస్‌వర్డ్ పోయే ప్రమాదం ఉంది. బాండ్‌కు ఆ ప్రమాదాలు లేవు. కాబట్టి బాండ్ వల్ల నల్లబజారు అంతరించలేదు గానీ దాని ధరకు పైకప్పు పడింది. తక్కువ రాబడితోనైనా బతకగలిగినవాళ్లే ఆ కప్పు కింద మిగిలారు. ఒకరు బాట్ యజమానులు. మరొకరు, తమ దేశంలో డబ్బు విలువ కూలిపోయి ఈ గేమ్‌లోనే జీవనాధారం వెతుక్కున్న మనుషులు. వెనిజులా ఆటగాళ్లు గ్రీన్ డ్రాగన్‌ల దగ్గర గంటల తరబడి గడిపి ఇల్లు నడుపుకున్న సంగతి ఈ గేమ్ ఆడే వాళ్లకు బాగా తెలుసు. వాళ్లను బాట్‌లతో కలిపి తిట్టడాన్ని నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. మార్కెట్ దృష్టితో చూసినా వాళ్లు చేసింది ఎముకల ధర తగ్గించడం, నాణేలు ముద్రించడం కాదు.

2021 పన్ను, వస్తువుల సింక్

2020 నాటికి ఓల్డ్ స్కూల్‌కు రెండు జబ్బులు ఒకేసారి ఉన్నాయి. నాణేలు పెరుగుతున్నాయి. దాంతోపాటే పెద్ద రాక్షసులనుంచి వచ్చే ఆయుధాలు, కవచాలు కూడా పెరుగుతున్నాయి, ఎందుకంటే వాటిలో చాలావాటికి అరుగుదల లేదు. ఒకసారి పుట్టిన కత్తి ఎప్పటికీ ఉంటుంది. కొత్తవి వస్తూనే ఉంటాయి. అలాంటి సరుకు కాలక్రమంలో తన ఆల్కెమీ ధర వైపు జారుతుంది. ఒకసారి ఆ నేలను తాకితే ఏమవుతుందో ముందే చూశాం.

2021 డిసెంబరులో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అమ్మకాలపై 1 శాతం పన్ను వచ్చింది. అమ్మినవాడి రాబడిలోంచి ప్రతి వస్తువుకు విడిగా కోత పడుతుంది. ఒక్కో వస్తువుకు గరిష్ఠంగా 50 లక్షల నాణేలు. 100 నాణేల లోపు ధర ఉన్న వస్తువులకు పన్ను లేదు, బాండ్‌లకు లేదు, కొత్త ఆటగాళ్లు వాడే కొన్ని పనిముట్లకు లేదు. వసూలైన దానిలో కొంత భాగంతో గేమ్ స్వయంగా మార్కెట్‌లో ఎంపిక చేసిన వస్తువులను కొని నాశనం చేస్తుంది. దీన్నే ఐటెమ్ సింక్ అంటారు. 2025 మే చివర్లో పన్ను 2 శాతమైంది, మినహాయింపు హద్దు 50 నాణేలకు దిగింది, 50 లక్షల గరిష్ఠ పరిమితి అలాగే ఉంది.

ఫ్లిప్పర్‌కు దీని అర్థం ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. కొనే ధర 10,00,000, అమ్మే ధర 10,20,000 ఉన్న వస్తువు. పన్ను లేనప్పుడు లాభం 20,000. 1 శాతం పన్నుతో 10,200 పోయి 9,800 మిగులుతుంది. 2 శాతం పన్నుతో 20,400 పోతుంది, అంటే 400 నష్టం. కొన్న ధర తిరిగి రావాలంటే 1 శాతం ఉన్నప్పుడు 10,10,101కి అమ్మాలి, 2 శాతం ఉన్నప్పుడు 10,20,408కి అమ్మాలి. కాబట్టి 2 శాతంకన్నా సన్నని మార్జిన్ ఉన్న ఫ్లిప్‌లు చచ్చిపోతాయి. ఫ్లిప్పర్లు తప్పుకున్న ఆ వస్తువుల్లో కొనే ధర, అమ్మే ధర మళ్లీ దూరమవుతాయి, పన్నును మోయగలిగినంత దూరం వచ్చేవరకు. చివరికి ఆ భారాన్ని పంచుకునేది తొందరలో ఉన్న మామూలు ఆటగాడు. పన్ను వల్ల మార్కెట్‌కు జరిగే అసలు నష్టం ఇదే. నాణేలు తగ్గడానికి ఇది తగిన ధరేనని నేను నమ్ముతాను, కానీ అది ఉచితంగా రాలేదని గుర్తించాలి.

ఈ పన్ను బలం ఎక్కడుందంటే అది చేతులు మారిన ప్రతిసారీ పడుతుంది. ఒక కత్తి నలుగురు ఫ్లిప్పర్ల మీదుగా ఒక ఆటగాడికి చేరితే ఐదు సార్లు కోత పడుతుంది. అంటే నాణేలను పుట్టించని ఫ్లిప్పర్లే నాణేలను చంపే ప్రధాన యంత్రంగా మారారు. ఎక్కువ తిప్పేవాడే ఎక్కువ కడతాడు.

బలహీనతలు మూడు కనిపిస్తాయి. మొదటిది, 50 లక్షల పరిమితి. వంద కోట్ల నాణేల వస్తువును అమ్మితే కట్టేది అర శాతమే. 2 శాతం రేటు దగ్గర 25 కోట్ల ధర దాటిన ప్రతి వస్తువుకూ పన్ను నిష్పత్తి తగ్గుతూ పోతుంది. దాంతో పెద్ద పెట్టుబడి ఉన్న ఫ్లిప్పర్లు పైస్థాయి సరుకుకు మళ్లడం సహజం. చిన్న పెట్టుబడి ఉన్నవాడికి ఆ అవకాశం లేదు. రెండోది, ఇద్దరు ఆటగాళ్లు ఎదురుగా నిలబడి నేరుగా చేసుకునే వ్యాపారానికి పన్ను లేదు. గోల్డ్ అమ్మకందారు నాణేలు అందజేసేది ఆ పద్ధతిలోనే కాబట్టి ఆ చివరి మెట్టు పన్నుకు అందదు. అయితే అతని బాట్‌లు సేకరించిన ముడి సరుకును గ్రాండ్ ఎక్స్ఛేంజ్‌లో అమ్మేటప్పుడు మాత్రం అతనూ కట్టవలసిందే.

మూడోది చాలామంది గమనించనిది. ఐటెమ్ సింక్ వస్తువులు కొన్నప్పుడు ఆ నాణేలు అమ్మిన ఆటగాడి చేతికి తిరిగి వస్తాయి. అంటే వసూలైన పన్ను అంతా నాశనమైందని లెక్కేయడం తప్పు. సింక్‌కు వెళ్లిన భాగం వస్తువులను చంపుతుంది, నాణేలను కాదు. మిగిలిన భాగమే నాణేలను నిజంగా చంపుతుంది. కానీ సింక్ వస్తువు ధరను ఆల్కెమీ నేలకు పైన నిలబెడితే, ఆ వస్తువు కరిగి కొత్త నాణేలు పుట్టకుండా ఆపుతుంది. ఆ రకంగా అది పరోక్షంగా సాయపడుతుంది. ఒక అప్‌డేట్ తర్వాత ధరలు పెరిగితే అది ద్రవ్యోల్బణమా, సింక్ కొనుగోళ్ల ప్రభావమా అని చూడవలసింది ఇందుకే. సింక్ జాబితాలో ఉన్న వస్తువులు మాత్రమే పెరిగితే డబ్బు విలువ తగ్గిందని చెప్పలేము.

ధర పెరిగినప్పుడు ఏమి జరిగిందో ఎలా చెప్పాలి

నేను ఏ నిర్ణయానికైనా ముందు మూడు రకాల ధరలను పక్కపక్కన పెట్టుకుంటాను. ఒకటి, బాట్‌లు ఎక్కువగా సేకరించే వినియోగ సరుకు, ఉదాహరణకు డ్రాగన్ ఎముకలు. రెండు, సరఫరా చాలా నెమ్మదిగా పెరిగే అరుదైన వస్తువులు. మూడు, బాండ్ ధర.

ఎముకలు ఒక్కసారిగా పెరిగి మిగిలిన రెండూ కదలకపోతే అది సరఫరా తెగిపోవడం. సాధారణంగా బాట్ ఖాతాలపై పెద్ద నిషేధం పడినప్పుడు ఇలా జరుగుతుంది. అలాంటి నిషేధంలో ఆ ఖాతాల్లో ఉన్న నాణేలు కూడా పోతాయి కాబట్టి, ధర పెరిగినా గేమ్‌లోని డబ్బు నిజానికి తగ్గి ఉంటుంది. ఎముకలు నిలకడగా ఉండి అరుదైనవి, బాండ్ కలిసి నెలల తరబడి నెమ్మదిగా ఎక్కుతుంటే డబ్బు పరిమాణం పెరుగుతోందని అనుమానించాలి. బాట్‌లు ముడి సరుకు ధరను తొక్కిపెట్టడం వల్ల ద్రవ్యోల్బణం అక్కడ కనిపించదు, పైస్థాయిలో కనిపిస్తుంది. చేపలు, కలప, ఎముకల ధర చూసి ద్రవ్యోల్బణం లేదని చెప్పేవాళ్లు దీన్ని మరిచిపోతుంటారు.

బాండ్ ఒక్కటే పెరిగితే మాత్రం గేమ్ బయట చూడాలి. సభ్యత్వం అసలు ధర పెరిగితే నాణేలతో సభ్యత్వం నడుపుకునేవాళ్లు ఎక్కువవుతారు. బాండ్‌కు గిరాకీ పెరుగుతుంది, గేమ్‌లో ఒక్క కొత్త నాణెం పుట్టకపోయినా ధర ఎక్కుతుంది. బాండ్ ధరను ద్రవ్యోల్బణానికి ఏకైక కొలమానంగా వాడేవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు.

అన్నీ కలిసి ఎక్కిన సందర్భంలో నేను చివరగా చూసేది గత కొన్ని వారాల్లో వచ్చిన అప్‌డేట్‌లను. కొత్త రాక్షసుడు ఏమి రాలుస్తున్నాడు? నేరుగా నాణేలా, ఆల్కెమీకి వెళ్లే కవచాలా, లేక ఆటగాళ్లు వాడేసే సరుకా? గంటకు పది లక్షలు ఇచ్చే మొదటి రకం రాక్షసుడు, గంటకు పది లక్షలు ఇచ్చే మూడో రకం రాక్షసుడు ప్రకటనలో ఒకేలా కనిపిస్తారు. మొదటివాడు వచ్చాక అరుదైన వస్తువులను అట్టిపెట్టుకుంటాను, నాణేలను తగ్గించుకుంటాను. మూడోవాడు వచ్చాక ఆ సరుకు నిల్వలను వెంటనే వదిలించుకుంటాను, ఎందుకంటే బాట్‌లు ఆ రాక్షసుడి దారి నేర్చుకునే సరికి దాని ధర సగానికి పడే అవకాశం ఉంటుంది.